నిద్ర కోసం వేసుకునే అలర్జీ మాత్ర రాత్రి పనిచేయదు, పొద్దున వదలదు: ఎందుకిలా?

మురళీనగర్ నివాసి (ఆదివారం, రాత్రి 9:40)

మా నాన్నగారికి 69 ఏళ్లు. ఉక్కు కర్మాగారంలో పనిచేసి పదవీ విరమణ చేశారు. రక్తపోటుకు ఉదయం మెటోప్రొలాల్ మాత్ర వేసుకుంటారు, వేరే పెద్ద జబ్బులేమీ లేవు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదని ఆయన తరచు అంటుంటే, అమెరికాలో ఉంటున్న అన్నయ్య సెలవులకు వచ్చినప్పుడు అక్కడ ఎవరి చీటీ లేకుండానే దొరికే నిద్ర మాత్రల సీసా ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఒక్కో క్యాప్సూల్‌లో డైఫెన్‌హైడ్రమిన్ 25 మిల్లీగ్రాములు ఉందని, రాత్రికి రెండు వేసుకోవచ్చని, రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోతే వైద్యుణ్ణి కలవాలని దాని మీద రాసి ఉంది.

మొదట్లో ఒక్క క్యాప్సూల్‌తోనే హాయిగా నిద్రపోయారు. కొద్ది రోజుల్లోనే అది చాలక రెండు వేసుకోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు రెండూ చాలడం లేదని, మూడోది వేసుకోనా అని అడుగుతున్నారు. కానీ పొద్దున పది గంటల దాకా మనిషి మత్తుగానే ఉంటున్నారు. పేపరు తెరిచి అదే పేజీ ముందు కూర్చుంటారు. నోరు ఎండిపోతోందంటున్నారు. మొన్న స్నానాల గది గడప దగ్గర తూలి గోడ పట్టుకున్నారు. రాత్రి మూత్రానికి లేవడం కూడా మునుపటికంటే పెరిగింది.

నాకు అంతుపట్టనిది ఒక్కటే. మందుకు శక్తి తగ్గిపోయి ఉంటే పొద్దున ఈ మత్తు ఎక్కడిది? శక్తి ఉంటే రాత్రి నిద్ర ఎందుకు పట్టడం లేదు? దీనికి బదులుగా ఏమి చేయవచ్చో కూడా తెలిసినవారు చెప్పగలరు.

బీచ్ రోడ్డు నడక (ఆదివారం, రాత్రి 10:15)

అయ్యా, తొందరపడి ఆ మాత్రలు ఒక్కసారిగా ఆపేయకండి. మా మేనమామగారు ఏళ్ల తరబడి నిద్ర మాత్రలకు అలవాటుపడి, ఎవరో చెప్పారని ఒక్క రోజులో మానేస్తే మూర్ఛ వచ్చి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. ఇటువంటివి చీటీ లేకుండా అమ్మడమే పెద్ద తప్పు. ముందు మంచి మానసిక వైద్యుణ్ణి కలవండి.

మురళీనగర్ నివాసి (ఆదివారం, రాత్రి 10:32)

మీ మేనమామగారు వాడినది అల్‌ప్రజొలామ్ వంటి మాత్ర అయి ఉంటుందేమోనండి. మా నాన్నగారు వేసుకుంటున్నది ఆ కోవకు చెందినది కాదు, జలుబుకు, దురదకు ఇచ్చే మందే. ఆ ధైర్యంతోనే అన్నయ్య తెచ్చాడు.

ఎంవీపీ ఫిజీషియన్ (సోమవారం, ఉదయం 6:20)

అల్‌ప్రజొలామ్ విషయంలో బీచ్ రోడ్డువారు ఇచ్చిన హెచ్చరిక సరైనదే, కాకపోతే ఈ మందుకు అది వర్తించదు. దీన్ని ఆపితే రెండు మూడు రాత్రులు నిద్ర మరింత చెదరవచ్చు, అంతకు మించి ప్రమాదం సాధారణంగా ఉండదు. జలుబు మందే కదా అన్న ధైర్యం మాత్రం వద్దు. 69 ఏళ్ల వయసులో దీని లెక్క వేరు.

మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ ఒకే చోట జవాబు దొరుకుతుంది. మెదడును మేలుకొలిపి ఉంచే రసాయనాలలో హిస్టమిన్ ఒకటి. డైఫెన్‌హైడ్రమిన్ రక్తంలోంచి మెదడులోకి సులువుగా చొరబడి ఆ హిస్టమిన్ పనిని అడ్డుకుంటుంది కాబట్టి మొదటి రాత్రి నిద్ర వస్తుంది. అయితే మనల్ని మేలుకొలిపి ఉంచే వ్యవస్థ హిస్టమిన్ ఒక్కటే కాదు. ఒకటి మూతపడితే మిగిలినవి కొద్ది రోజుల్లోనే ఆ పనిని తలకెత్తుకుంటాయి. 2002లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఆరోగ్యవంతులైన 15 మంది పురుషులకు 50 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్ల చొప్పున ఇచ్చి పగటి నిద్రమత్తును కొలిచారు. మొదటి రోజు మత్తు స్పష్టంగా ఉంది, నాలుగో రోజుకు వీరికీ ఉత్తుత్తి మాత్ర మింగినవారికీ తేడా లేకుండా పోయింది. వారెవరూ నిద్రలేమితో బాధపడుతున్న వృద్ధులు కారు కనుక ఆ నాలుగు రోజుల లెక్కను మీ నాన్నగారికి యథాతథంగా అంటగట్టలేము, కానీ జరిగే తీరు అదే.

ఇక పొద్దుటి సంగతి. ఒంట్లోని ఈ మందు సగానికి తగ్గడానికి మామూలు వయసువారిలో సుమారు 9 గంటలు పడుతుంది, వృద్ధులలో సుమారు 13 గంటల 30 నిమిషాలు. మీ నాన్నగారు రాత్రి 11 గంటలకు 50 మిల్లీగ్రాములు వేసుకున్నారనుకుందాం. మందు ఒంటికి పట్టడానికి తీసుకునే సమయాన్ని పక్కన పెట్టి ఉజ్జాయింపుగా లెక్క వేస్తే, మర్నాడు ఉదయం 8 గంటలకు ఇంకా 31 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆ రాత్రి 11 గంటలకు 15 మిల్లీగ్రాములు మిగిలి ఉండగానే మరో 50 వచ్చి చేరుతుంది. ఇలా రోజూ సాగితే కొన్నాళ్లకు, ఉదయం 8 గంటలకు ఒంట్లో ఉండే మందు 44 మిల్లీగ్రాముల దగ్గర నిలబడుతుంది. అంటే రాత్రి వేసుకునే రెండు క్యాప్సూళ్లకు కొంచెమే తక్కువైన మందు ఇడ్లీ తినే వేళకు ఆయన ఒంట్లో ఉంటోందన్నమాట. మూడో క్యాప్సూల్ వేసుకుంటే ఆ అంకె 65 దాటుతుంది. రాత్రి నిద్ర దానికి తగ్గట్టు పెరగదు.

గోపాలపట్నం మందుల కొట్టు (సోమవారం, ఉదయం 7:50)

డాక్టరుగారు చెప్పిన లెక్క బాగుంది. కౌంటరు దగ్గర చూసిన అనుభవంతో రెండు మాటలు చెబుతాను. మన దేశంలో డైఫెన్‌హైడ్రమిన్‌ను నిద్ర మాత్రగా అడిగేవారు అరుదు. దగ్గు సిరప్, ఫెనిరమిన్, క్లోర్‌ఫెనిరమిన్ కలిసిన జలుబు మాత్ర, ఇవే అడుగుతారు. రోజూ దగ్గు సిరప్ కొనేవారందరికీ దగ్గు ఉండదని మాకు తెలుసు.

నా సలహా ఏమిటంటే, రోజూ వేసుకోవడం వల్లనే అలవాటు పడుతున్నారు కాబట్టి రెండు రోజులు వేసుకుని రెండు రోజులు మానితే మందు మళ్లీ పనిచేస్తుంది. లేదా సిటిరిజిన్‌కు మారండి. అది కొత్త తరం మందు, అంత మత్తు ఉండదు, పెద్దవారికి కూడా ఇస్తారు.

ఎంవీపీ ఫిజీషియన్ (సోమవారం, మధ్యాహ్నం 1:35)

మందుల కొట్టువారూ, విరామం ఇస్తే మందు మళ్లీ పనిచేస్తుందన్న మాటలో సగం నిజముంది. కానీ వృద్ధుల విషయంలో దానివల్ల మేలు కంటే కీడే ఎక్కువ, ఎందుకంటే మందుకు అలవాటుపడని మెదడు మీద ప్రతి మొదటి రాత్రీ పూర్తి దెబ్బ పడుతుంది. రాత్రి మూత్రానికి లేచి పడిపోవడానికి అనువైన రాత్రి అదే. పైగా మానిన రెండు రాత్రులూ నిద్ర చెదిరి, మాత్ర లేకపోతే నిద్ర లేదన్న నమ్మకం ఆయన మనసులో నాటుకుపోతుంది.

సిటిరిజిన్ సంగతి మీ మాటల్లోనే తేలిపోయింది. మత్తు తక్కువ కాబట్టి అది మంచి అలర్జీ మందు, అదే కారణంగా అది నిద్ర మందు కాదు. నెలల తరబడి రోజూ వాడి ఆపినవారిలో కొందరికి తీవ్రమైన దురద వస్తోందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025లో హెచ్చరిక కూడా జారీ చేసింది. అలర్జీ లేని మనిషికి ఆ తలనొప్పి ఎందుకు?

మురళీనగర్ నివాసి (సోమవారం, రాత్రి 8:10)

లెక్క అర్థమైంది కానీ ఒక చోట ఆగిపోయాను. మెదడు ఆ మత్తుకు నాలుగైదు రోజుల్లో అలవాటుపడుతుందని మీరే అన్నారు. అటువంటప్పుడు ఉదయం 44 మిల్లీగ్రాములు ఉన్నా మత్తు తెలియకూడదు కదా? అలవాటు రాత్రికి మాత్రమే వర్తించి, పొద్దునకు వర్తించదా?

ఎంవీపీ ఫిజీషియన్ (సోమవారం, రాత్రి 10:05)

అడగవలసిన ప్రశ్నే అడిగారు. మీరు మత్తు అంటున్నది ఒకే కారణంతో వస్తున్నది కాదని నా అంచనా.

ఈ మందు హిస్టమిన్‌తో పాటు ఎసిటైల్‌కొలిన్ అనే మరో రసాయనాన్ని కూడా అడ్డుకుంటుంది. జ్ఞాపకానికి, ఏకాగ్రతకు అదే ఆధారం. నోటిలో లాలాజలం ఊరడం, పేగులు కదలడం, మూత్రాశయం బిగుసుకుని పూర్తిగా ఖాళీ కావడం కూడా దాని మీదే ఆధారపడి ఉంటాయి. నిద్రమత్తుకు ఒళ్లు అలవాటుపడినంత త్వరగా వీటికి అలవాటుపడుతుందని అనుకోవడానికి లేదు. మీ నాన్నగారి నోరు ఇంకా ఎండుతూనే ఉండటం అందుకు గుర్తు. అదే పేజీ ముందు కూర్చుండిపోవడం నిద్ర చాలక వచ్చిన కునికిపాటు కాకపోవచ్చు, మెదడుకు పట్టిన తికమక కావచ్చు. అమెరికా వృద్ధవైద్య సంఘం 65 ఏళ్లు దాటినవారికి ఈ తరం అలర్జీ మందులు వీలైనంతవరకు ఇవ్వవద్దని చెప్పేది ముఖ్యంగా ఇందుకే.

రెండోది మూత్రం. ఆ వయసు పురుషులలో ప్రోస్టేట్ గ్రంథి ఎంతో కొంత పెరిగే ఉంటుంది. దానికి ఈ మందు తోడైతే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు, సగం నిండిన సంచితోనే మళ్లీ పడుకుంటారు, గంటన్నరకే మళ్లీ లేవాలి. నిద్ర కోసం వేసుకున్న మాత్రే నిద్ర చెడగొడుతుంటే, నిద్ర చెడిందని ఇంకో మాత్ర వేసుకుంటారు. ఈ చక్రాన్ని నా దగ్గరికి వచ్చే పెద్దలలో తరచు చూస్తుంటాను.

మూడోది మెటోప్రొలాల్. కాలేయంలో మెటోప్రొలాల్‌ను విరిచేసే ఎంజైమును డైఫెన్‌హైడ్రమిన్ నెమ్మదింపజేస్తుంది. అప్పుడు వేసుకున్న అదే మెటోప్రొలాల్ మాత్ర పెద్ద మోతాదులా పనిచేస్తుంది, నాడి నెమ్మదిస్తుంది, లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. గడప దగ్గర తూలడం దీనివల్ల కూడా అయి ఉండవచ్చు. రేపు ఉదయం మాత్రలు వేసుకోకముందు ఆయన నాడిని పూర్తి నిమిషం పాటు లెక్కపెట్టండి. రక్తపోటు పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడిన మూడు నిమిషాలకు ఒకసారి చూడండి. మూత్రం పూర్తిగా ఆగిపోయి పొత్తికడుపు ఉబ్బితే మాత్రం తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

సీ షిఫ్టు (మంగళవారం, ఉదయం 7:15)

నా సంగతి కూడా చెప్పనివ్వండి. నేను రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా డ్యూటీ చేసి కూర్మన్నపాలెం మీదుగా బండి మీద ఇంటికి చేరతాను. పగలు నిద్ర పట్టక దగ్గు సిరప్ రెండు మూతలు తాగి పడుకుంటాను. వయసు 38, ఏ జబ్బూ లేదు, సాయంత్రానికి తేలికగానే ఉంటుంది. పెద్దవారికి ప్రమాదమని మీరంటున్నారు, నాలాంటివారికి పరవాలేదు కదా? సీ షిఫ్టు వారం తరువాత మళ్లీ ఉదయం డ్యూటీ వస్తుంది, రోజూ ఒకే వేళకు పడుకోండి అన్న సలహా మాకు పనికిరాదు.

ఎంవీపీ ఫిజీషియన్ (మంగళవారం, మధ్యాహ్నం 2:20)

తేలికగా ఉందన్న మీ మాట నమ్మదగినదో కాదో ఒకరు పరీక్షించి చూశారు. 2000లో అమెరికాలోని అయోవాలో, కారు నడుపుతున్నట్లే ఉండే యంత్రంలో మనుషులను కూర్చోబెట్టి, డైఫెన్‌హైడ్రమిన్ 50 మిల్లీగ్రాములు ఇచ్చినప్పుడూ, రక్తంలో మద్యం 0.1 శాతానికి చేరేంత తాగించినప్పుడూ ఎలా నడుపుతున్నారో చూశారు. డైఫెన్‌హైడ్రమిన్ వేసుకున్నప్పుడే నడపడం ఎక్కువ చెడింది. మన చట్టం అనుమతించే హద్దు 0.03 శాతం అని గుర్తుంచుకోండి. అంతకంటే ముఖ్యమైనది, తమకు ఎంత మత్తుగా ఉందని వారు చెప్పుకున్నదానికీ వారు నడిపిన తీరుకూ పొంతన లేదు. ఉదయం ఎనిమిదింటికి తాగిన సిరప్, మీ వయసులో కూడా, సాయంత్రం అయిదింటికి సగం మిగిలే ఉంటుంది. రాత్రి పదింటికి మీరు బండి దిగి క్రేన్ ఎక్కుతారో, కన్వేయర్ దగ్గర నిలబడతారో నాకు తెలియదు. కొన్ని దగ్గు సిరప్‌లలో ఇతర మందులు కూడా కలిసి ఉంటాయి, ఆ సీసా మీద ఏమేమి రాసి ఉన్నాయో ఒకసారి చదివి ఇక్కడ రాయండి.

ఒకే వేళకు పడుకోవడం మీకు కుదరదన్నది నిజమే. డ్యూటీకి వెళ్లే ముందు సాయంత్రం గంటన్నర పడుకోవడం, తెల్లవారుజామున మూడు దాటాక టీ మానేయడం, పడుకునే గది కిటికీలకు వెలుతురు చొరబడని మందపాటి తెరలు వేయడం, ఇవి పనిచేస్తాయి. పగటి నిద్రకు ముందు మెలటోనిన్ కొద్ది మోతాదులో కొందరికి ఉపయోగపడుతుంది. కానీ షిఫ్టు పనివారిలో అది కలిపిన నిద్ర సగటున అరగంట కూడా లేదు.

సీ షిఫ్టు (మంగళవారం, రాత్రి 8:40)

తెరలు వేయగలను. సాయంత్రం గంటన్నర పడుకోవడం రెండు గదుల ఇంట్లో, ఇద్దరు పిల్లల మధ్య ఎలా కుదురుతుందో మీరే చెప్పాలి. సీసా చూశాను, డైఫెన్‌హైడ్రమిన్‌తో పాటు అమ్మోనియం క్లోరైడ్, సోడియం సిట్రేట్ అని ఉంది. బండి మీద పోయేవారికి ఈ మద్యం లెక్క సీసా మీద రాసి ఉంటే బాగుండేది.

పెందుర్తి కోడలు (బుధవారం, ఉదయం 9:05)

మా అత్తగారికి నిద్ర పట్టకపోవడానికి కారణం కాళ్లు. పడుకోగానే పిక్కల్లో ఏదో పాకుతున్నట్లు ఉందని, లేచి నడిస్తే గానీ తగ్గదని అంటారు. జలుబు మాత్ర వేస్తే నిద్ర వస్తుందని ఎవరో చెబితే వేశాము, ఆ రాత్రి ఇంకా ఎక్కువసేపు నడిచారు. మాత్ర నకిలీదేమో అనుకున్నాము.

ఎంవీపీ ఫిజీషియన్ (బుధవారం, మధ్యాహ్నం 1:10)

మాత్ర అసలుదే అయి ఉంటుంది. మీరు చెప్పిన లక్షణాలున్న కాళ్ల జబ్బును ఈ మందులు మరింత రేపుతాయి. జలుబు మాత్ర ఆపి, రక్తంలో ఫెరిటిన్ పరీక్ష చేయించండి. ఒంట్లో ఇనుము నిల్వలు తగ్గితే ఇది వస్తుంది, ఇనుము అందిస్తే చాలామందికి తగ్గుతుంది.

మురళీనగర్ నివాసి (బుధవారం, రాత్రి 9:30)

నాడి నిమిషానికి 52 ఉంది. రక్తపోటు పడుకున్నప్పుడు 134, నిలబడ్డాక 112. నాన్నగారి దినచర్య కూడా దగ్గర కూర్చుని రాసుకున్నాను. రాత్రి తొమ్మిదింటికి మంచమెక్కుతారు. పదింటికి నిద్ర పడుతుంది. ఒంటిగంటన్నరకు, మూడున్నరకు మూత్రానికి లేస్తారు, లేచినప్పుడల్లా చాలాసేపు దొర్లుతారు. ఆరున్నరకు మంచం దిగుతారు. అంతా కలిపి ఆరు గంటల నిద్ర ఉంటుందని అమ్మ అంచనా. మధ్యాహ్నం భోజనం తరువాత ఒంటిగంటన్నర నుంచి మూడింటి దాకా గురక పెట్టి నిద్రపోతారు.

ఎంవీపీ ఫిజీషియన్ (గురువారం, ఉదయం 6:45)

ముందుగా, ఆ నాడి అంకెనూ, నిలబడినప్పుడు 22 పాయింట్లు పడిపోయిన రక్తపోటునూ ఈ వారంలోనే ఆయనకు మందు రాసిన వైద్యుడికి చూపించండి. నిద్ర మాత్ర పేరు కూడా చెప్పండి, పెద్దలు దాన్ని మందుల లెక్కలో చెప్పరు. మూత్రం పోసిన తరువాత సంచిలో ఎంత మిగిలిందో చూసే స్కానింగ్ కూడా అడగండి. గురక అన్నారు కదా, గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడుతున్నారేమో అమ్మగారిని గమనించమనండి. అలా ఉంటే నిద్ర పరీక్ష చేయించాలి, తరువాతి మాటలు దాని తరువాతే.

అది లేదనుకుంటే, మీరు రాసినదాన్ని కూడి చూడండి. రాత్రి ఆరు గంటలు, మధ్యాహ్నం గంటన్నర, మొత్తం ఏడున్నర. 69 ఏళ్ల మనిషికి అంత నిద్ర చాలు. ఆయనకు నిద్ర తక్కువ కాలేదు, తొమ్మిదిన్నర గంటలు మంచం మీద ఉండి అందులో మూడున్నర గంటలు మేలుకుని ఉంటున్నారు. ఒంటికి అక్కరలేని నిద్రను మాత్రతో రప్పించాలని చూస్తున్నాము.

మొదటి వారం రెండు క్యాప్సూళ్లను ఒకటి చేయండి, రెండో వారం అదీ ఆపండి. ఆపిన తొలి రాత్రులు చెడ్డగా గడుస్తాయని ముందే చెప్పి ఉంచండి, లేకపోతే మూడో రాత్రి సీసా వెతుక్కుంటారు. మాత్ర ఒంట్లోంచి పోయాకే మంచం వేళలు మార్చండి, రెండూ ఒకేసారి చేస్తే పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. అప్పుడు రాత్రి 11 నుంచి ఉదయం 5:30 దాకా, ఆరున్నర గంటలే మంచం. మధ్యాహ్నం కునుకు అరగంట మించకూడదు. మెలకువ వచ్చి ఇరవై నిమిషాలు దాటిందనిపిస్తే దీపం తక్కువగా ఉన్న వేరే గదిలో కూర్చుని, నిద్ర ముంచుకొచ్చాకే మంచానికి రావాలి. గడియారం చూడకూడదు. వారం పాటు మంచం మీద ఉన్న సమయంలో నూటికి 85 వంతులు నిద్రలో గడిస్తే మరో 15 నిమిషాలు పెంచండి, లేకపోతే అక్కడే ఆగండి. మూర్ఛ వ్యాధి ఉన్నవారు, మానసిక స్థితి ఉన్నట్టుండి ఉద్రేకానికి వెళ్లే జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుడు పక్కన లేకుండా దీన్ని చేయకూడదు. నిద్రలేమికి మొదట ఇవ్వవలసినది, ఈ పద్ధతి కూడా భాగంగా ఉండి ఆలోచనలను, అలవాట్లను మార్చే చికిత్సే అని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సూచించింది.

గోపాలపట్నం మందుల కొట్టు (గురువారం, ఉదయం 10:20)

కాగితం మీద బాగానే ఉంది. ఎనిమిదిన్నరకే టీవీ ముందు కునికే పెద్దమనిషిని పదకొండు దాకా మేలుకొలిపి ఉంచేది ఎవరు? ఇంకొక సందేహం. డాక్సెపిన్ 3, 6 మిల్లీగ్రాముల మోతాదులో నిద్రకు రాస్తున్నారు. ఆ కొద్ది మోతాదులో అది చేసేది కూడా హిస్టమిన్‌ను అడ్డుకోవడమే. అమెరికాలో 2010లో దానికి అనుమతి ఇచ్చారు, వృద్ధుల మీద పన్నెండు వారాలు పరీక్షిస్తే చివరిదాకా పనిచేసింది. హిస్టమిన్‌ను అడ్డుకుంటే కొద్ది రోజుల్లో అలవాటు పడిపోవడమే నిజమైతే, దీనికి ఎందుకు అలవాటుపడలేదు?

ఎంవీపీ ఫిజీషియన్ (గురువారం, రాత్రి 9:50)

గట్టి ప్రశ్న వేశారు, దీనికి పూర్తి జవాబు ఎవరి దగ్గరా లేదు. డాక్సెపిన్ ఆ మోతాదులో హిస్టమిన్ ద్వారానికి మాత్రమే అంటుకుంటుంది, ఎసిటైల్‌కొలిన్ జోలికి దాదాపు పోదు. తెల్లవారుజామున హిస్టమిన్ మళ్లీ పుంజుకునే వేళకు దాని ప్రభావం ఎక్కువగా కనిపిస్తుంది, నిద్ర పట్టడం కంటే నిద్ర నిలవడానికే అది పనికొస్తుంది. అలవాటు పడటమన్నది హిస్టమిన్ ఒక్కదానితోనే ముడిపడి లేదని, మోతాదు కూడా లెక్కలోకి వస్తుందని నేను అనుకుంటాను, రుజువు చేయలేను. అది చీటీ మీద ఇచ్చే మందు. మూత్రం నిలిచిపోయే ఇబ్బంది ఉన్నవారికి, గ్లకోమా ఉండి చికిత్స తీసుకోనివారికి అదీ ఇవ్వకూడదు, కాబట్టి స్కానింగ్ రాకముందు దాని మాట ఎత్తను.

టీవీ విషయంలో మీరే గెలిచారు. మెత్తని కుర్చీ తీసేసి చెక్క కుర్చీ వేయండి, తొమ్మిదిన్నరకు డాబా మీద పది నిమిషాలు నడిపించండి. దానికి మించిన ఉపాయం నా దగ్గర లేదు.

పెందుర్తి కోడలు (శుక్రవారం, ఉదయం 8:30)

చెక్క కుర్చీలో కూడా మా మామగారు నిద్రపోగలరు. బియ్యంలో రాళ్లు ఏరే పని అప్పగిస్తే మాత్రం మేలుకుని ఉంటారు.

మురళీనగర్ నివాసి (తరువాతి వారం, శనివారం, సాయంత్రం 6:15)

స్కానింగ్‌లో ప్రోస్టేట్ ఓ మోస్తరుగా పెరిగిందని, మూత్రం పోశాక కూడా సంచిలో 140 మిల్లీలీటర్లు మిగిలి ఉందని వచ్చింది. మాత్ర పూర్తిగా మానాక మళ్లీ చూద్దామని యూరాలజిస్టుగారు అన్నారు. రక్తపోటు చూసే డాక్టరుగారు నాడి చూసి మెటోప్రొలాల్ సగం చేశారు. రెండో క్యాప్సూల్ ఆగింది. మొదటి రెండు రాత్రులు నాన్నగారు అన్నయ్యకు ఫోన్ చేసి నా మీద ఫిర్యాదు చేశారు. గురక మధ్యలో ఊపిరి ఆగడం అమ్మ గమనించలేదట, కానీ ఆవిడ నిద్ర గాఢం, ఆ మాట ఎంతవరకు నమ్మాలో తెలియదు. మెలటోనిన్ కొనమంటారా అని అన్నయ్య అడుగుతున్నాడు.

ఎంవీపీ ఫిజీషియన్ (శనివారం, రాత్రి 9:00)

ఊపిరి సంగతి తేలాలంటే మీరు ఒక రాత్రి ఆ గదిలో పడుకోండి, లేదా ఫోన్‌లో గంటసేపు గురక రికార్డు చేయండి. మెలటోనిన్ ఒంట్లోని నిద్ర గడియారాన్ని జరుపుతుంది తప్ప మత్తు ఇవ్వదు. తొమ్మిదింటికే నిద్ర ముంచుకొచ్చే మనిషికి రాత్రిపూట ఇస్తే గడియారం ఇంకా ముందుకు జరగవచ్చు, ఆయనకు కావలసింది అందుకు విరుద్ధం. సీసా మీద రాసిన మోతాదుకూ లోపల ఉన్నదానికీ పొంతన లేని సందర్భాలూ బయటపడ్డాయి, కాబట్టి ప్రస్తుతానికి వద్దని చెప్పండి.

ఒక విషయం మరిచిపోవద్దు. డైఫెన్‌హైడ్రమిన్ పూర్తిగా ఆగాక కాలేయం మెటోప్రొలాల్‌ను మళ్లీ మామూలు వేగంతో విరిచేస్తుంది, రక్తంలో దాని మట్టం పడిపోతుంది. ఇప్పుడు సగం చేసిన మోతాదు అప్పటికి చాలకపోవచ్చు. చివరి క్యాప్సూల్ తరువాత వారానికి నాడి, రక్తపోటు మళ్లీ చూసి, ఆ అంకెలతో ఆ వైద్యుడి దగ్గరికే వెళ్లండి.